గజకేసరి ఉంటే పేరు వచ్చి తీరుతుందా?

జాతకం యాప్‌లో ‘గజకేసరి యోగం ఉంది’ అని పచ్చ టిక్కు కనపడగానే స్క్రీన్‌షాట్ పంపేవాళ్లు నాకు కొత్తేమీ కాదు. కింద ఒకటే ప్రశ్న: “మరి పేరు ఎప్పుడొస్తుందండీ?”

అపోహ: ఇది కోటికొకరికి పట్టే యోగం.

ముందు లెక్క చూడండి. చంద్రుడి నుంచి 1, 4, 7, 10 స్థానాల్లో గురువుంటే యోగం అంటున్నాం. అంటే పన్నెండు రాశుల్లో నాలుగు. గురువు ఒక్కో రాశిలో దాదాపు ఏడాది ఉంటాడు, చంద్రుడు చక్రమంతా 27 రోజుల్లో చుట్టేస్తాడు, కాబట్టి ప్రతి నెలా ఓ తొమ్మిది రోజులు పుట్టిన వాళ్లందరికీ ఈ యోగమే. మూడింట ఒకరికి! వీళ్లందరికీ కీర్తి వస్తే చప్పట్లు కొట్టేదెవరు?

పరాశర శ్లోకం ఇంత తేలిగ్గా వదల్లేదు. లగ్నం నుంచో చంద్రుడి నుంచో గురువు కేంద్రంలో ఉండాలి, శుభగ్రహం కలవాలి లేదా చూడాలి, నీచలో, అస్తంగతుడై, శత్రు రాశిలో ఉండకూడదు అంది. మొదటి ముక్క అందరికీ గుర్తు, మిగతా షరతులు ఎవరికీ అక్కర్లేదు.

ఈ మధ్య ఒకబ్బాయి వచ్చాడు. మేష లగ్నం, చంద్రుడు జ్యేష్ఠలో, అంటే అష్టమంలో నీచ, గురువు వృషభంలో. ఒకరికొకరు సప్తమం, యాప్ ప్రకారం గజకేసరి ఖాయం. కానీ వృషభం శుక్రుడిది, గురువుకి శత్రు క్షేత్రం, శ్లోకం దగ్గరే యోగం తప్పిపోయింది. కుజుడు, శుక్రుడు కేంద్రాల్లో లేరు కాబట్టి నీచభంగం అని సర్దిచెప్పుకునే దారీ లేదు. పోనీ ఉందనే అనుకుందాం, ఫలం ఇవ్వాల్సింది ఆ గ్రహాల దశల్లోనే కదా? పుట్టేటప్పటికి బుధ దశ 8 ఏళ్లు మిగిలింది. కేతువు 15 దాకా, శుక్రుడు 35 దాకా, రవి 41 దాకా. చంద్ర దశ 41కి మొదలు, అదీ అష్టమ చంద్రుడిది. గురు దశ 76కి. అతనికిప్పుడు 27. ఎవరో “ముప్పైలోపు పేరు మోగిపోతుంది” అన్నారని ఉద్యోగం మానేసి కూర్చున్నాడు. పాపం, రెండేళ్లుగా టెన్షన్‌తో నిద్ర లేదు, తప్పంతా తనలోనే ఉందనుకుంటున్నాడు. జాతకంలో లేనిదాన్ని తను పోగొట్టుకున్నదేమీ లేదని చెప్పడానికే గంట పట్టింది. ఉద్యోగాలకి అప్లై చెయ్యమన్నాను, అంతకంటే ఏం చెప్పను?

అపోహ: యోగం ‘నిద్రపోతోంది’, హోమం చేయిస్తే లేస్తుంది.

హోమం చేసినా గురు దశ 76 నుంచి 30కి జరగదు. భక్తితో చేసుకుంటానంటే మీ ఇష్టం, యోగం లేపడానికని మాత్రం అప్పు చేయకండి.

అపోహ: గజకేసరి లేకపోతే పేరు రాదు.

దశమాధిపతి, లగ్నాధిపతి బలంగా ఉండి ఏ గజకేసరీ లేకుండా పైకొచ్చిన జాతకాలు బోలెడు చూశాను. శ్లోకంలో ఉన్న ఫలం కూడా తేజస్సు, ధనం, మేధ, మంచి గుణాలు, రాజు మెప్పు. ఈ రోజుల లెక్కలో పై అధికారి దగ్గర మంచి మాట అనుకోండి.