స్విచ్ వేసిన క్షణంలో రెండు కరెంట్లు

ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం చదువుతున్న ఒక పాఠకురాలు అడిగిన ప్రశ్న ఇది: “కాయిల్, రెసిస్టర్, కెపాసిటర్ వరుసగా కలిపి ఏసీ ఇస్తే కరెంటు V/Z, అంటే వోల్టేజీని సర్క్యూట్ మొత్తం అడ్డంకి అయిన ఇంపిడెన్స్‌తో భాగిస్తే వచ్చేది అని ఇంటర్‌లో నేర్చుకున్నాం. ఇప్పుడేమో స్విచ్ వేసిన క్షణంలో కరెంటు సున్నా అంటున్నారు. ఇందులో ఏది నిజం?”

రెండూ నిజమే. ఇంటర్ పాఠంలో ఫేజర్ బొమ్మ గీసి లెక్క చేయిస్తారు గాని, ఆ లెక్క ఎప్పటి నుంచి చెల్లుతుందో చెప్పరు. అందుకే విద్యార్థికి కరెంటు మొదట లేదనీ, మెల్లగా పెరిగి V/Z దగ్గరికి చేరుతుందనీ ఒక ఊహ ఏర్పడుతుంది. నిజానికి V/Z కరెంటు మొదటి క్షణం నుంచే పూర్తి సైజులో ఉంటుంది. దాంతోపాటు ఇంకో కరెంటు కూడా పుట్టి, దాన్ని కొంతసేపు కనపడకుండా చేస్తుంది.

మొదటిది స్థిర భాగం. సరఫరా ఉన్నంతకాలం ఉంటుంది, సరఫరా పౌనఃపున్యంతోనే ఊగుతుంది, స్విచ్ ఎప్పుడు వేశారన్నది దానికి పట్టదు. రెండోది తాత్కాలిక భాగం. ఇది సర్క్యూట్ సొంత ఊపు. సరఫరా తీసేసి, ఛార్జి ఉన్న కెపాసిటర్‌ను అదే కాయిల్, రెసిస్టర్ గుండా వదిలితే కరెంటు ఎలా ఊగి చచ్చిపోతుందో, సరిగ్గా అలాంటిదే. కాయిల్ ఇండక్టెన్స్ L, కెపాసిటర్ విలువ C, నిరోధం R అనుకుంటే, దాని పౌనఃపున్యాన్ని L, C నిర్ణయిస్తాయి, అది e^(−Rt/2L) లెక్కన తగ్గిపోతుంది. R మరీ ఎక్కువైతే ఊగకుండానే పోతుంది. చరిత్రలో కూడా ఈ రెంటినీ విడివిడిగానే సాధించారు. కెపాసిటర్ తనంతట తాను ఖాళీ అయ్యే కథను 1853లో విలియం థామ్సన్ తేల్చాడు. ఏసీ నడిపే సర్క్యూట్‌లో కెపాసిటర్ చేరిస్తే కరెంటు ఎందుకు పెరుగుతుందో 1868లో మాక్స్‌వెల్ చూపించాడు.

ఈ తాత్కాలిక భాగం ఎంత పెద్దదో ఎవరు చెప్పాలి? అసలు విషయమంతా ఇక్కడే ఉంది. కాయిల్ తన కరెంటును ఒక్కసారిగా మారనివ్వదు, కెపాసిటర్ తన ఛార్జిని ఒక్కసారిగా మారనివ్వదు. కాబట్టి స్విచ్ పడే ముందు రెండూ సున్నా అయితే, పడిన మరుక్షణమూ సున్నాలే. కానీ స్థిర భాగం ఆ క్షణంలో వేరే విలువలు అడుగుతుంది. ఆ అడిగినదానికీ ఉన్నదానికీ మధ్య తేడాను తీర్చడానికే తాత్కాలిక భాగం పుడుతుంది. తేడా ఎంతో అదీ అంతే.

ఒక లెక్క చూద్దాం. కాయిల్ 1 హెన్రీ, మొత్తం నిరోధం 20 ఓమ్‌లు, కెపాసిటర్ 10 మైక్రోఫారడ్లు. సర్క్యూట్ సొంత పౌనఃపున్యం 50.3 హెర్ట్జ్ వస్తుంది. 10 వోల్టుల శిఖరం ఉన్న 50 హెర్ట్జ్ ఏసీ ఇస్తే దాదాపు అనునాదమే. కాయిల్, కెపాసిటర్ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, మిగిలేది 20 ఓమ్‌లే, స్థిర కరెంటు శిఖరం 0.5 ఆంపియర్. వోల్టేజీ సున్నా దాటుతున్నప్పుడు స్విచ్ వేశామనుకోండి. స్థిర భాగం `0.5 sin 314t`. తాత్కాలిక భాగం దాదాపు అదే పౌనఃపున్యంతో, అదే సైజులో, గుర్తు మాత్రం తిరగబడి పుడుతుంది. రెంటినీ కలిపితే:

`i ≈ 0.5 (1 − e^(−10t)) sin 314t`

ఆ 1 స్థిర భాగానిది, ఆ e తాత్కాలికానిది. మొదట రెండూ పూర్తిగా కొట్టేసుకుంటాయి కాబట్టి మనకు సున్నా కనిపిస్తుంది. ఒక ఆవృత్తి, అంటే 20 మిల్లీసెకన్లు గడిచేసరికి ఊపు సైజు 0.09 ఆంపియర్, అయిదు ఆవృత్తులకు 0.32, అర సెకనుకి దాదాపు పూర్తి 0.5. పెరుగుతున్నట్టు కనపడేది కరెంటే గాని, నిజానికి జరుగుతున్నది తాత్కాలిక భాగం చచ్చిపోవడం. చివరికి కెపాసిటర్ మీద 159 వోల్టుల శిఖరం వస్తుంది. ఇచ్చింది 10 వోల్టులే కదా అని 63 వోల్టుల కెపాసిటర్ పెడితే అది పాడవుతుంది, అదీ మొదటి ఆవృత్తుల్లో కాక కాసేపాగి. ఇంకో సంగతి, ఇనుప కోరు ఉన్న చోక్ వాడితే ఈ అంకెలు నమ్మలేం. కరెంటు పెరిగితే కోరు సంతృప్తమై L మారిపోతుంది, అప్పుడు రెండు భాగాలనూ ఇలా విడదీసి కూడడం చెల్లదు.

ఇప్పుడు కెపాసిటర్‌ను మాత్రం 4 మైక్రోఫారడ్లకు మారుద్దాం. సొంత పౌనఃపున్యం 80 హెర్ట్జ్ దగ్గరికి వెళ్తుంది. స్థిర కరెంటు శిఖరం 21 మిల్లీఆంపియర్లకు పడిపోతుంది, అది వోల్టేజీ కంటే దాదాపు పావు ఆవృత్తి ముందుంటుంది. కాబట్టి వోల్టేజీ సున్నా దగ్గర ఉన్నప్పుడు స్థిర భాగం తన శిఖరం దగ్గర ఉండాలంటుంది. కరెంటు మాత్రం సున్నా. అందుకని తాత్కాలిక భాగం −21 దగ్గర మొదలవుతుంది. కానీ ఈసారి ఇద్దరి పౌనఃపున్యాలూ వేరు, 50, 80. కొట్టేసుకుంటూ మొదలైనవి కాసేపటికే కలిసొస్తాయి. 19 మిల్లీసెకన్ల దగ్గర మొత్తం కరెంటు 37 మిల్లీఆంపియర్లు తాకుతుంది. ధ్వని పాఠంలో విన్న విస్పందనాలు ఇవే, కాకపోతే రెండో శబ్దం సన్నబడిపోతూ ఉంటుంది. మల్టీమీటర్‌కి ఇదేమీ అందదు. రెసిస్టర్ మీద ఓసిలోస్కోప్ పెట్టి, స్విచ్ పడగానే ఒక్కసారి పట్టేలా ట్రిగ్గర్ అమరిస్తే ఎగుడుదిగుడు అలలు కనిపిస్తాయి, అర సెకనులో అవి నున్నబడతాయి.

వేళ బాగోక సామాను కాలిపోయిందని ఇళ్లల్లో అంటుంటారు. రాహుకాలానికీ సర్క్యూట్‌కీ సంబంధం లేదు గాని, స్విచ్ వేసిన వేళ నిజంగానే లెక్కలోకి వస్తుంది. ఆ వేళ 20 మిల్లీసెకన్లలోపు తేలిపోతుంది. వోల్టేజీ సున్నా దగ్గర కాకుండా శిఖరం దగ్గర వేస్తే మన రెండో సర్క్యూట్‌లో స్థిర కరెంటు దాదాపు సున్నా అడుగుతుంది, అంటే పేచీ తీరినట్టే అనిపిస్తుంది. తీరదు. అదే క్షణంలో స్థిర భాగం కెపాసిటర్ మీద 16.5 వోల్టులు ఉండాలంటుంది. ఉన్నది సున్నా. ఆ తేడా తీర్చడానికి 33 మిల్లీఆంపియర్ల తాత్కాలిక ఊపు పుడుతుంది, మొత్తం 49 దాకా పోతుంది. ముందటి కంటే ఎక్కువ.

కెపాసిటర్ లేకుండా కాయిల్, రెసిస్టర్ మాత్రమే ఉంటే తీర్చాల్సిన తేడా ఒక్కటే. స్థిర కరెంటు సున్నా దాటే క్షణం చూసి స్విచ్ వేస్తే తాత్కాలిక భాగమే ఉండదు. కెపాసిటర్ చేరాక తేడాలు రెండు, క్షణం ఒక్కటి. స్థిర భాగంలో కరెంటు సున్నా ఉన్నప్పుడల్లా కెపాసిటర్ వోల్టేజీ శిఖరాన ఉంటుంది. ఖాళీ కెపాసిటర్‌తో ఏ వేళ స్విచ్ వేసినా తాత్కాలిక భాగం తప్పదు.

తప్పించే దారి ఒకటుంది. కెపాసిటర్‌ను ముందే 16.5 వోల్టులకు ఛార్జి చేసి, సరఫరా అదే దిశలో శిఖరం చేరిన క్షణంలో కలిపితే రెండు తేడాలూ ఒకేసారి సున్నా అవుతాయి. మొదటి అల నుంచే కరెంటు శుభ్రంగా 21 మిల్లీఆంపియర్లు. విద్యుత్ గ్రిడ్లలో థైరిస్టర్లనే ఎలక్ట్రానిక్ స్విచ్‌లతో కెపాసిటర్లను కలిపే ఏర్పాట్లు ఈ పద్ధతి మీదే పనిచేస్తాయి. అక్కడ వరుసలో ఉన్న కాయిల్ చిన్నది కాబట్టి కావలసిన ఛార్జి గ్రిడ్ శిఖర వోల్టేజీకి దగ్గరగా ఉంటుంది. దాన్ని మొదటిసారి తప్ప విడిగా ఎక్కించాల్సిన పని కూడా పెద్దగా ఉండదు. థైరిస్టర్ కరెంటు సున్నా అయినప్పుడే ఆగుతుంది, కెపాసిటర్ వోల్టేజీ శిఖరాన ఉండేదీ అప్పుడే. అది ఆ ఛార్జితోనే నిలిచిపోతుంది. మరీ ఆలస్యం కాకముందే మళ్లీ కలిపితే, వోల్టేజీ శిఖరం కోసం ఆగడం ఒక్కటే మిగులుతుంది.