పొగ మానిన తరువాత దగ్గు ఎందుకు పెరుగుతుంది

ఇరవై ఏళ్లుగా రోజుకు పదిహేను బీడీలు కాల్చే ఒక మనిషిని ఉదాహరణగా తీసుకుందాం. తెల్లవారి లేవగానే కాసేపు దగ్గి, కళ్లె ఉమ్మి, గొంతు సవరించుకుంటే తప్ప ఆయనకు మాట సాఫీగా రాదు. ఒక రోజు ఆయన బీడీలు మానేస్తాడు. వారం తిరిగేసరికి దగ్గు తగ్గకపోగా ఇంకా ఎక్కువవుతుంది. ‘మానితేనే ఎక్కువైంది’ అనుకుని మళ్లీ బీడీ వెలిగిస్తాడు. గొంతు బాగుపడడం మొదలైన సమయాన్నే చాలామంది ఇలా జబ్బుగా పొరబడుతున్నారు, కాబట్టి లోపల ఏమి జరుగుతుందో కొంచెం వివరంగా చూడాలి.

శ్వాసనాళం లోపలి గోడ మీద శైలికలు అనే అతి సన్నని నూగు ఉంటుంది. అది సెకనుకు పదికి పైగా సార్లు కొట్టుకుంటూ, దుమ్మును పట్టుకున్న జిగురు పొరను కింది నుంచి గొంతు వైపు నెడుతుంది, మనం దానిని తెలియకుండానే మింగేస్తాం. పొగలోని అక్రోలీన్, ఫార్మాల్డిహైడ్ వంటి ఘాటు పదార్థాలు ఈ శైలికలను మందగింపజేస్తాయి, ఏళ్ల తరబడి సాగితే శైలికలున్న కణాల స్థానంలో నునుపైన బల్లపరుపు కణాలు వస్తాయి. మరోవైపు జిగురును తయారుచేసే కణాలు పెరుగుతాయి. అంటే చెత్త పెరుగుతుంది, ఊడ్చేవారు తగ్గుతారు. నిద్రలో దగ్గు అణగి ఉంటుంది కనుక రాత్రంతా పేరుకున్న కఫాన్ని ఉదయం దగ్గే బయటకు తోయాల్సి వస్తుంది. పైగా నికోటిన్ జీర్ణాశయం పైనున్న కండర ద్వారాన్ని వదులు చేస్తుంది, ఆమ్లం పైకి ఎగదన్ని గొంతును మరింత గీరుతుంది.

ఖైనీ దారి వేరు. పొగాకులో సున్నం కలిపి నలిపితే క్షారగుణం పెరిగి నికోటిన్ చప్పున రక్తంలోకి ఇంకుతుంది. ఆ క్షారమే బుగ్గ లోపలి పొరను కాలుస్తుంది, మింగిన రసం గొంతును మండిస్తుంది. ఎప్పుడూ ఒకే చోట పెట్టుకునేవారికి అక్కడ పొర తెల్లగా మందంగా మారుతుంది. శ్రీకాకుళం ప్రాంతంలో కొందరు స్త్రీలు చుట్ట నిప్పు కొసను నోటి లోపల పెట్టుకుని కాల్చే అడ్డపొగలో వేడి నేరుగా అంగిలికి తగులుతుంది, అందుకే తెల్లబడిన అంగిలి మీద ఎర్రటి చుక్కలు కనిపిస్తాయి.

అగరబత్తి, సాంబ్రాణి ధూపాలను పొగాకుతో కలిపి చెప్పడానికి చాలామంది సంకోచిస్తారు. భక్తిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, కానీ గొంతుకు పొగ పొగే. గ్రాముకు గ్రాము పోల్చినప్పుడు సిగరెట్ నుంచి సుమారు 10 మిల్లీగ్రాముల సూక్ష్మ ధూళి వస్తే, అగరబత్తి నుంచి సుమారు 45 మిల్లీగ్రాములు వస్తుందని కొలతలు చెబుతాయి. సిగరెట్ పొగను నేరుగా లోపలికి పీలుస్తారు, అగరబత్తి పొగ గదిలో పలచబడుతుంది, కనుక హాని అంతే పాళ్లలో ఉందనుకోకూడదు. అయితే తలుపులు మూసిన చిన్న పూజగదిలో అది పలచబడదు. మన ఉదాహరణలోని మనిషి బీడీ మానినా ఇంట్లో రోజూ ధూపం వేస్తుంటే గొంతు గరగర పూర్తిగా పోదు. కిటికీ తెరవడం, అగరబత్తి కాల్చే బదులు దీపం వెలిగించడం తేడా చూపుతాయి.

ఇక మానిన తరువాతి కథ. నికోటిన్ లేమి వల్ల చిరాకు, తపన మొదటి రెండు మూడు రోజుల్లో తీవ్రమై, రెండు నుంచి నాలుగు వారాల్లో సద్దుమణుగుతాయి. పొగ మొద్దుబార్చిన దగ్గు స్పందన తిరిగి చురుకవుతుంది, శైలికలు కదలడం మొదలై, అడుగున నిలిచిన కఫాన్ని పైకి నెడతాయి. ఇందువల్లే ఆ వారాల్లో దగ్గు ఎక్కువ. సాధారణంగా కొన్ని వారాల్లో కఫం పలచబడి, నెలలు గడిచేకొద్దీ ఉదయపు దగ్గు తగ్గుతుంది. గోరువెచ్చని నీరు తరచూ తాగితే కఫం సులువుగా వస్తుంది. నికోటిన్ గమ్ వాడేవారు దానిని మామూలు చూయింగ్ గమ్‌లా ఆపకుండా నమిలితే, వెలువడిన నికోటిన్ మింగుడుపడి గొంతు మంట, ఎక్కిళ్లు వస్తాయి. నెమ్మదిగా నమిలి, ఘాటు తెలియగానే బుగ్గన పెట్టి ఆగాలి, ఘాటు పోయాక మళ్లీ నమలాలి. ఉచిత సహాయానికి జాతీయ పొగాకు విరమణ ఫోన్ నంబరు 1800-11-2356 ఉంది.

బాగుపడుతున్న దగ్గుకు ఒక లక్షణం ఉంది: అది వారం వారం తగ్గుతుంది. గొంతు బొంగురు మూడు వారాలు దాటినా తగ్గకపోవడం, మింగడంలో అడ్డు, ఒక పక్క చెవి నొప్పి, మెడలో గడ్డ, కఫంలో రక్తం, నోటిలో మానని తెల్ల లేదా ఎర్ర మచ్చ, వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకుండా గొంతు వైద్యుడి దగ్గరికి వెళ్లి, సన్నని దుర్భిణితో స్వరతంత్రులను చూపించుకోవాలి. గుట్కా వల్ల నోరు తెరుచుకోవడం తగ్గినవారి విషయంలో మానడం జబ్బు ముదరడాన్ని నెమ్మదింపజేస్తుందే గాని, గట్టిపడిన పొరను మునుపటిలా మెత్తబరచదు, కాబట్టి వారికి చికిత్స విడిగా అవసరం.