ఫైవ్ నైన్ అన్నారు సరే, మాట వినిపించిందా? హామ్ రేడియోలో టెస్టింగ్ గురించి అపోహలు, వాస్తవాలు

నిన్న ఉదయం నెట్, అంటే హామ్‌లంతా గాలిలో కలుసుకునే సమావేశం, మొదలవడానికి పది నిమిషాల ముందు మా రిపీటర్ మీద, అంటే మా మాటలు అందుకుని దూరానికి మళ్లీ పంపే కొండమీది యంత్రం మీద, ఒక కొత్త గొంతు. "హలో, హలో, టెస్టింగ్. ఎవరైనా ఉన్నారా?" లైసెన్సుతో వచ్చే గుర్తింపు పేరు, కాల్‌సైన్ లేదు, ఊరు లేదు. మాటల కింద మూకుడులో నూనె చిటపటలాడుతున్నట్టు ఒకటే గరగర. నేను మైకు అందుకునేలోపే ఎవరో "ఫైవ్ నైన్, ఫైవ్ నైన్ ఓయం గారూ" అనేశారు. ఓయం అంటే హామ్‌లు ఒకరినొకరు పిలుచుకునే మాట, ఫైవ్ నైన్ అంటే సిగ్నల్‌కు పూర్తి మార్కులు. ఆ కొత్తాయన థ్యాంక్స్ చెప్పి వెళ్లిపోయారు. సంతోషంగానే వెళ్లి ఉంటారు. ఆయన మాటల్లో సగం గరగరలో కలిసిపోయిందని మాత్రం ఎవరూ చెప్పలేదు.

కొత్తగా లైసెన్సు వచ్చినవాళ్లకు సెట్టు పట్టుకోవడం నేర్పే పనిలో ఉన్నాను కాబట్టి ఈ తంతు నాకు వారానికి రెండు మూడుసార్లు ఎదురవుతుంది. అడిగేవారికి ఎలా అడగాలో తెలియదు, అది తప్పు కాదు. ఏళ్ల తరబడి గాలిలో ఉన్నవాళ్లు జవాబు చెప్పే తీరు చూస్తేనే ఒళ్లు మండుతుంది.

అపోహ: ఫైవ్ నైన్ అన్నారంటే నా సెట్టు, యాంటెన్నా బాగున్నట్టే.

వాస్తవం: రిపీటర్ మీద ఆ తొమ్మిది మీది కాదు, రిపీటర్‌ది.

మొదటి అంకె మాట ఎంత అర్థమవుతోందో చెబుతుంది, ఒకటి నుంచి ఐదు వరకు. రెండోది సిగ్నల్ బలం, ఒకటి నుంచి తొమ్మిది వరకు. దాన్ని ఎస్-మీటర్ చూసి చెబుతాం. మనిద్దరం నేరుగా ఒకే ఫ్రీక్వెన్సీలో మాట్లాడుకుంటే నా మీటరు మీ సిగ్నల్‌నే కొలుస్తుంది. రిపీటర్ ద్వారా అయితే లెక్క మారిపోతుంది. మీరు పంపిన సిగ్నల్ కొండ మీదికి వెళుతుంది. అక్కడి యంత్రం దాన్ని అందుకుని, 600 కిలోహెర్ట్జ్ అవతలి ఫ్రీక్వెన్సీలో, తన సొంత పవర్‌తో, తన సొంత యాంటెన్నా మీంచి మళ్లీ పంపుతుంది. నా మీటరుకు కనిపించేది కొండ నుంచి మా ఇంటికి వచ్చే సిగ్నల్ ఒక్కటే. మీ దగ్గర చేత్తో పట్టుకునే 5 వాట్ల హ్యాండీ ఉన్నా, కారులో 25 వాట్ల సెట్టు ఉన్నా అది మారదు.

నమ్మని కుర్రాడు ఒకడు ఉండేవాడు. "మీటరు అబద్ధం చెబుతుందా సార్?" అని వాదన. సరే, ఫోను చెవి దగ్గర పెట్టుకుని, హ్యాండీ తీసుకుని మేడ ఎక్కమన్నాను. మేడ మీది నుంచి అంకెలు లెక్కపెట్టాడు, గంట మోగినంత స్పష్టం. మెట్ల మలుపు దగ్గరికి దిగి మళ్లీ లెక్కపెట్టమన్నాను. మాట అర్థమవుతోంది గానీ, కింద సన్నగా గరగర మొదలైంది. వంటింట్లోకి వెళ్లమన్నాను. "ఒకటి, రెం... నాలు... ఆరు." ఈ మూడుసార్లూ నా మీటరు ముల్లు చివరి గీత దగ్గరే నిలబడి ఉంది, వెంట్రుకవాసి కూడా కదల్లేదు. వంటింటి నుంచి వచ్చిన ఆ ముక్కలకు కూడా మన అలవాటు ప్రకారం ఫైవ్ నైన్ ఇవ్వవచ్చు, మీటరు సాక్షిగా!

దీని ఖరీదు ఏమిటో ఒక తుపాను మాక్ డ్రిల్‌లో చూశాను. ముందురోజు సాయంత్రం మా బృందంలోని ఒకాయన ఇంట్లోంచే టెస్టింగ్ అన్నారు, ఫైవ్ నైన్ వచ్చింది, నిశ్చింతగా పడుకున్నారు. మర్నాడు ఒక బడిలో కూర్చుని సరుకుల లెక్క పంపాలి. బియ్యం పదిహేను బస్తాలో, పదహారో నాలుగుసార్లు అడిగినా తేలలేదు, ఎందుకంటే తేడా ఉన్న అక్షరాల దగ్గరే మాట తెగుతోంది. చివరికి అంకెలు విడివిడిగా, "ఒకటి, ఐదు" అని చెప్పించుకున్నాం. డ్రిల్ కాబట్టి నవ్వుకున్నాం. ముందురోజు జవాబిచ్చిన మనిషి "మాట తెగుతోంది" అని రెండు ముక్కలు అని ఉంటే ఆయన పొడవాటి యాంటెన్నా వెంట తెచ్చుకునేవారు.

అందుకే రిపీటర్ మీద ఎవరైనా టెస్టింగ్ అంటే మీటరు వైపు చూడకండి, చెవితో వినండి. వారి కాల్‌సైన్, మీ కాల్‌సైన్, మీరున్న ఊరు, విన్నది విన్నట్టు ఒక్క వాక్యం. పది సెకన్లు చాలు. "మాట పూర్తిగా అర్థమవుతోంది, వెనుక కొద్దిగా గరగర ఉంది. నేను తెనాలి నుంచి, ఓవర్." ఇంతే.

ఆ ఒక్క వాక్యంలోనే సగం రోగనిర్ధారణ ఉంటుంది. గరగర ఉందంటే సిగ్నల్ కొండదాకా బలంగా చేరడం లేదు. ఎత్తు, యాంటెన్నా, బ్యాటరీ చూసుకోవాలి. మాట తెగితెగి వస్తుంటే "ఒక అడుగు పక్కకు జరిగి మళ్లీ చెప్పండి" అనండి. మన బ్యాండ్‌లో తరంగం పొడవు రెండు మీటర్లు, గోడల మీద పడి తిరిగొచ్చిన సిగ్నల్ అసలు సిగ్నల్‌ను దెబ్బతీసే చోటు నుంచి కొద్దిగా కదిలినా చాలాసార్లు మాట నిలబడుతుంది. గరగర లేకుండా మాట పగిలి, నలిగినట్టు వస్తుంటే అది సిగ్నల్ లోపం కాదు. మైకును నోట్లో పెట్టుకుని అరుస్తున్నారన్నమాట, "మైకు నాలుగు వేళ్ల దూరంలో పట్టుకోండి" అనండి. గరగరా లేదు, పగలడమూ లేదు, మాట మాత్రం నూతిలోంచి వస్తున్నట్టు సన్నగా ఉందంటే సెట్టు నారోలో, అంటే సిగ్నల్ వెడల్పు తగ్గించే సెట్టింగ్‌లో, ఉందేమో చూసుకోమనండి. మాటను మోసే ఉత్త సిగ్నల్, అంటే క్యారియర్ వస్తూ అసలు మాటే లేకపోతే "క్యారియర్ ఉంది, ఆడియో లేదు" అని చెప్పండి. పాపం, అవతలి మనిషి చెయ్యి మైకు రంధ్రానికి అడ్డం పెట్టుకుని ఉండవచ్చు. నేనూ పెట్టాను, మొదటి నెలలో.

ఇన్ని వివరాలున్న జవాబును వదిలేసి ఫైవ్ నైన్ అనడం మర్యాద అనుకుంటారు కొందరు. కాంటెస్టుల్లో అందరూ అందరికీ ఫైవ్ నైన్ ఇచ్చుకుంటారు, అక్కడ అదొక లాంఛనం, పోనివ్వండి. సెట్టు బాగుందో లేదో తెలియక అడిగిన మనిషికి లాంఛనం ఇచ్చి పంపడం మర్యాద కాదు.

అపోహ: మూడు రోజులుగా టెస్టింగ్ అంటున్నా ఎవరూ పలకడం లేదు, సెట్టు పోయింది.

వాస్తవం: సెట్టు పోవడం చాలా అరుదు. ఈ మాట అంటూ ఫోను చేసేవారి గొంతులో దిగులు నాకు తెలుసు. పరీక్ష రాసి, లైసెన్సు కోసం నెలల తరబడి ఎదురుచూసి, డబ్బు పెట్టి సెట్టు కొనుక్కుని, మొదటిసారి మాట్లాడితే నిశ్శబ్దం.

ఒక అమ్మాయి ఇలాగే సెట్టును రిపేరుకు ఇచ్చేయబోతూ ఆఖరి ప్రయత్నంగా నన్ను అడిగింది. "అందరి మాటలూ నాకు బాగా వినిపిస్తున్నాయి సార్, నా మాటే ఎవరికీ వినిపించడం లేదు." ఆ ఒక్క మాటతో నాకు అనుమానం వచ్చింది. మీటను వదిలాక రిపీటర్ ఒకటి రెండు సెకన్లు తెరుచుకుని ఉండి, తర్వాత ఆగిపోతుందే, అది వినిపిస్తోందా అని అడిగాను. లేదంది. అంటే రిపీటర్ తలుపే తెరుచుకోవడం లేదు. రిపీటర్ వినే, పంపే ఫ్రీక్వెన్సీల మధ్య తేడా, అంటే 600 కిలోహెర్ట్జ్ ఆఫ్‌సెట్ సరిగ్గానే పెట్టింది, తేడా మైనస్ వైపు అన్నదీ సరే. టోన్ పెట్టలేదు. మాట కింద సన్నని హోరులా వెళ్లే 88.5 హెర్ట్జ్ టోన్ తోడైతేనే మా రిపీటర్ లోపలికి రానిస్తుంది. బయటికి వచ్చే మాట వినడానికి ఆ టోన్ అక్కర్లేదు. అందుకే అన్నీ వినిపించాయి, ఏదీ వెళ్లలేదు. మెనూలో ఒక అంకె మార్చింది. రిపేరు అయిపోయింది.

రిపీటర్ తెరుచుకుంటున్నా ఎవరూ పలకకపోతే లోపం మీరు అడిగే తీరులో ఉండవచ్చు. ఉత్త "హలో టెస్టింగ్" వింటే, ఎవరో తన సెట్టు తాను చూసుకుంటున్నాడులే అని మిగతావాళ్లు టీ తాగుతూ ఉండిపోతారు. అందులో ప్రశ్న లేదు. పైగా కాల్‌సైన్ చెప్పకుండా మాట్లాడటం లైసెన్సు నిబంధనలకే విరుద్ధం. కాల్‌సైన్, ఊరు చెప్పి "నా ఆడియో ఎలా ఉందో ఎవరైనా చెప్పగలరా?" అని అడగండి. మధ్యాహ్నం రెండింటికి కాకుండా నెట్ ముగిసిన వెంటనే అడగండి, మనుషులు ఉంటారు.

మిగిలినవి, గబగబా. మీట నొక్కి వదిలి రిపీటర్ లేచింది కదా అనుకుంటే సరిపోదు. తలుపు తెరుచుకుందని తెలిసింది, మాట ఎలా ఉందో తెలియలేదు, అందరి చెవుల్లో టిక్కుమంది. వన్, టూ, త్రీ అని లెక్కపెట్టడం అనాగరికం అన్న పుకారు ఒకటి ఉంది. విమానయాన నిబంధనల్లోనే పరీక్షకు అంకెలు చెప్పమని ఉంది, పది సెకన్లు మించకుండా, చివర కాల్‌సైన్‌తో. మోర్స్‌లో "ఎవరైనా ఉన్నారా" అనాలంటే క్యూఆర్ఎల్ పంపి ప్రశ్నార్థకం పెడతాం. ఫ్రీక్వెన్సీలో ఎవరైనా ఉంటే ఒక్క "ఆర్" అక్షరం కొట్టినా అది జవాబే, అక్కణ్ణుంచి జరిగిపోవాలి. పవర్ కొలుచుకోవడం, ట్యూన్ చేసుకోవడం మాత్రం గాలిలో వద్దు, యాంటెన్నా బదులు తగిలించి, సిగ్నల్‌ను గాలిలోకి పోనివ్వకుండా ఆపే డమ్మీ లోడ్ ఉన్నది అందుకే.

టెస్టింగ్ చేసుకుంటే సెట్టు సిద్ధమైనట్టేనా అని కూడా అడుగుతుంటారు. ఒక్క టెస్టింగ్‌తో కాదు, వాడుతూ ఉంటేనే. 2004 డిసెంబరులో హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతీ ప్రసాద్ బృందం అండమాన్‌లో ఉంది. వాళ్లు వెళ్లింది అక్కడి నుంచి ప్రపంచమంతా కాంటాక్టులు చేయడానికి. 26న సునామీ వచ్చేసరికి తమ సెట్లతోనే సహాయ సందేశాలు పంపడం మొదలుపెట్టారు. అప్పటికే వేల కాంటాక్టులు చేసిన స్టేషన్ అది. ఎక్కడికి వినిపిస్తుందో, ఎక్కడికి వినిపించదో వాళ్లకు ముందే తెలుసు.

నిన్నటి ఆయన ఈ ఉదయం మళ్లీ వచ్చారు, అదే హలో, అదే గరగర. ఈసారి నేను ముందే మైకు అందుకున్నాను. కాల్‌సైన్ అడిగి, సగం మాటలు అందడం లేదని చెప్పి, ఎక్కడ నిలబడ్డారో అడిగాను. హాల్లో, ఫ్రిజ్ పక్కన అన్నారు. బాల్కనీలోకి వెళ్లి హ్యాండీని నిటారుగా పట్టుకోమన్నాను. అర నిమిషం తర్వాత, "ఇప్పుడెలా ఉంది ఓయం గారూ?"

"గరగర పోయింది. మీ వంటింట్లో కుక్కర్ మూడో విజిల్ కూడా వినిపించింది, ఓవర్."