"జూమ్ చేసి చూశాం, పురుగులేం లేవండీ"

మొన్న ఆదివారం రాత్రి పదిన్నరకి వాట్సాప్‌లో వరసపెట్టి పదకొండు ఫొటోలు వచ్చాయి. నల్ల లాబ్రడార్, వయసు నాలుగేళ్ళు. తోక మొదలు పైన, నడుము మీద అరచెయ్యంత మేర వెంట్రుకలు పల్చబడి చర్మం బయటపడింది. కింద మెసేజ్: "డాక్టర్ గారూ, జూమ్ చేసి చూశాం, పురుగులేం లేవు. కాబట్టి తామరే కదా? ఏ క్రీమ్ రాయమంటారు?"

నా పేచీ అంతా ఆ "కాబట్టి"తోనే. పదిహేనేళ్ళుగా కుక్కలకీ పిల్లులకీ వైద్యం చేస్తున్నాను. జనం డబ్బూ, జంతువుల ఒళ్ళూ ఎక్కువగా పాడయ్యేది ఈ ఒక్క అపోహ వల్లే: ఫొటోలో పురుగు కనపడకపోతే ఒంటి మీద పురుగు లేనట్టే అనుకోవడం.

ముందు పురుగు అంటే ఏదో తేల్చుకుందాం. ఫోన్‌లో అందరూ "పురుగులు" అనే అంటారు, కొందరు "పేలు" అంటారు. పిడుదులు వేరు, ఫ్లీస్ వేరు. పిడుదు (మా వైపు గోమారి అని కూడా అంటారు) చర్మాన్ని కరిచి పట్టుకుని ఉన్నచోటే ఉంటుంది, అందుకే ఫొటోకి దొరుకుతుంది. ఫ్లీ అలా కాదు. నువ్వుగింజంత ఉంటుంది, పక్కల నుంచి నొక్కినట్టు పల్చగా ఉండి వెంట్రుకల మధ్య పరుగెడుతుంది. మీరు బొచ్చు విడదీసి కెమెరా పెట్టేలోపు అది పొట్ట కిందకి పోయి ఉంటుంది. పైగా పెద్ద పురుగులు ఒంటి మీద కొన్నే ఉంటాయి. గుడ్లూ పిల్లపురుగులూ గూళ్ళూ కలిపి మిగతా సంతతంతా పరుపులో, సోఫా సందుల్లో, తివాచీ కింద ఉంటుంది. పిల్లి అయితే ఆ కొన్నింటిని కూడా నాకి మింగేస్తుంది. ఫ్లీ కాటంటే ఎలర్జీ ఉన్న కుక్కకి నాలుగు కాట్లు చాలు, రోజంతా నడుము కొరుక్కుంటుంది. అలాంటి కుక్క మీద ఒక్క పురుగూ దొరకని రోజులే ఎక్కువ.

అందుకే నేను పురుగు ఫొటో అడగను, దాని జాడ అడుగుతాను. ఆ రాత్రి ఆ ఇంటివాళ్ళని అడిగిందీ అదే. "ఇంట్లో పేల దువ్వెన ఉందా అమ్మా?" "ఉందండీ, పాపది." దాంతో కుక్క నడుము మీద, తోక మొదట్లో, తొడల వెనక చర్మానికి తగిలేలా పది పన్నెండు సార్లు దువ్వమన్నాను. దువ్వెనకి వచ్చినదంతా తడిపిన తెల్ల టిష్యూ మీద దులిపి ఐదు నిమిషాలు వదిలేయమన్నాను. ఆవిడ ముందు పంపిన ఫొటోలో మిరియాల పొడి లాంటి నల్ల రవ్వలు కనిపించాయి. "ఇది మట్టేనండీ, రోజూ పార్కులో దొర్లుతుంది" అన్నారు. ఐదు నిమిషాల తర్వాత పంపిన ఫొటోలో ప్రతి రవ్వ చుట్టూ ఎర్రమట్టి రంగు మరక ఊరింది. మట్టి తడిస్తే అలా ఎర్రగా ఊరదు. అది ఫ్లీ విసర్జించినది, అంటే కుక్క నుంచి తాగి అరిగించుకున్న రక్తం. మొదట పంపిన పదకొండు ఫొటోలూ తేల్చలేనిది ఆ టిష్యూ ఫొటో తేల్చింది.

తర్వాత అసలు కథ బయటికొచ్చింది. మూడు వారాలుగా మందుల షాపులో ఎవరో ఇచ్చిన మనుషుల క్రీమ్ రాస్తున్నారు. దాంట్లో తామర మందుతో పాటు ఘాటు స్టెరాయిడ్ ఉంది. రాసిన రోజు దురద తగ్గినట్టే ఉంటుంది, మానేస్తే మళ్ళీ మొదలు. తామర అంటుతుందని చెప్పడంతో ఎనిమిదేళ్ళ పాపని కుక్క దగ్గరికి రానివ్వడం లేదు, అదొక ఏడుపు. ఇంకో సంగతి మాటల్లో దొర్లింది. బాల్కనీలోకి రోజూ ఒక పిల్లి వస్తుంది, దానికి పాలు పోస్తారు, అది సోఫాలోనే పడుకుంటుంది. "దానికేం లేదండీ, శుభ్రంగా ఉంటుంది" అన్నారు. మర్నాడు బుట్టలో పెట్టి తెస్తే దాని మెడ మీద కూడా అవే నల్ల రవ్వలు.

వాళ్ళు తెలివిగా కుక్కకి కొన్న పూత మందే పిల్లికీ వేద్దామనుకున్నారు. సమయానికి అడిగారు. కుక్కల పూత మందుల్లో కొన్నింట్లో పర్మెత్రిన్ ఉంటుంది. అది పిల్లికి విషం, వణుకూ ఫిట్స్ వచ్చి చచ్చిపోవచ్చు కూడా. ఫొటో పంపేటప్పుడు ఇంట్లో ఉన్న మందు డబ్బా వెనకవైపు కూడా ఒక ఫొటో తీసి పంపండి. నాకు చర్మం ఫొటో కన్నా అదే ఎక్కువ పనికొచ్చిన రోజులున్నాయి.

రెండింటికీ వాటి బరువుని బట్టి వేర్వేరు మందులు ఇచ్చాను. పరుపు గుడ్డలు వేడినీళ్ళలో ఉతికి, సోఫా సందులన్నీ వాక్యూమ్ చేయమన్నాను. మందు కనీసం మూడు నెలలు ఆపొద్దన్నాను. గూట్లో ఉన్న పురుగు వారాల తరబడి బయటికి రాకుండా కాచుకుని ఉండగలదు. రెండో వారంలో మళ్ళీ ఒకటి కనపడితే మందు పని చేయలేదని కంగారు పడక్కర్లేదు.

ఇక ఫొటో ఎలా తీయాలో. నాకు వచ్చేవాటిలో సగం ఫొటోల్లో కనిపించేది ట్యూబ్‌లైట్ వెలుగు కింద ఒక మసక మచ్చ. చేతిలో ఫోను ఎంత ఖరీదైనదైనా రాత్రిపూట తీస్తే అంతే. పొద్దున్న వరండాలోనో కిటికీ పక్కనో, నేరుగా ఎండ పడని చోట తీయండి. ఫ్లాష్ వద్దు, చర్మం మెరిసిపోయి ఎరుపు తెలియదు. ఒకరు పట్టుకోవాలి, ఒకరు తీయాలి. పట్టుకున్నవాళ్ళు రెండు చేతుల వేళ్ళతో బొచ్చుని ఎదురు దిశలో పాయలా విడదీసి చర్మం గీతలా కనపడేట్టు ఉంచాలి. బొచ్చు కత్తిరించకండి, తెగిన వెంట్రుక కొస ఎలా ఉందో నేను చూడాలి.

మూడు దూరాల నుంచి తీస్తే చాలు. ఒకటి జంతువు మొత్తం పక్క నుంచి. రెండోది అడుగు దూరం నుంచి, మచ్చతో పాటు తోకో చెవో కనపడాలి. అది లేకపోతే అది నడుమో పొట్టో నాకు తెలియదు, చాలాసార్లు జబ్బు ఏమిటో చెప్పేది ఆ చోటే. తోక మొదట్లో అయితే నా అనుమానం ఫ్లీస్ మీదికి పోతుంది, చెవి అంచూ మోచెయ్యీ అయితే గజ్జి మీదికి. మూడోది దగ్గరగా, పక్కన పిల్లల స్కేలు పెట్టి. దగ్గరగా అన్నానని ఫోన్ తీసుకెళ్ళి చర్మానికి ఆనించకండి, ఫోకస్ పోతుంది. జానెడు దూరం వెనక్కి జరిగి రెండింతలు జూమ్ చేయండి, తెర మీద చర్మం ఉన్నచోట వేలితో నొక్కి అప్పుడు తీయండి. నల్ల కుక్క అయితే ఫోన్ తనంతట తానే వెలుగు పెంచేస్తుంది, చర్మం సున్నం కొట్టినట్టు వస్తుంది. నొక్కినచోట వచ్చే సూర్యుడి గుర్తుని కాస్త కిందికి జరిపితే సరిపోతుంది. పోర్ట్రెయిట్ మోడ్ వద్దు, అందం పెంచే ఫిల్టర్లు అసలే వద్దు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే వివరం తగ్గిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి.

ఇంకో మాట. పసుపూ వేపనూనే రాసి ఫొటో తీయకండి. పసుపు కింద ఎరుపు నాకెలా కనపడుతుంది? కాలిన ఇంజిన్ ఆయిల్ రాసి తెచ్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. దాని గురించి మాట్లాడితే నాకు బీపీ పెరుగుతుంది, వదిలేద్దాం. అది కుక్క నాకితే విషం, అంతే.

పిడుదుల దగ్గర అపోహ తిరగబడుతుంది. లేనిది కనపడుతుంది. ఒక పెద్దాయన మగ కుక్కపిల్లని తువ్వాల్లో చుట్టుకుని తెచ్చారు, పొట్ట మీద రక్తం. "పిడుదు ఎంత లాగినా ఊడట్లేదమ్మా, చిమటాతో కూడా లాగాను." చూస్తే చనుమొన. "మగదానికి చనుమొనలేంటి!" అని ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. ఉంటాయి తాతగారూ, రెండు వరసల్లో ఎనిమిదో పదో. అనుమానంగా ఉంటే లాగకుండా పక్క నుంచి దగ్గరగా ఒక ఫొటో తీయండి. రక్తం తాగి ఉబ్బిన పిడుదు బూడిదరంగులో ఆముదం గింజలా ఉంటుంది, చర్మాన్ని పట్టుకున్న కొస దగ్గర సన్నటి కాళ్ళు కనపడతాయి. కాళ్ళు లేకపోతే అది చనుమొనో పులిపిరో. నిజంగా పిడుదే అయితే సన్న చిమటాతో చర్మానికి ఆనుకుని పట్టుకుని తిన్నగా పైకి లాగాలి. కిరసనాయిలు పోయడం, అగరొత్తి అంటించడం వద్దు. వెతకాల్సింది వీపు మీద కాదు. కాలివేళ్ళ సందులు, చెవి లోపల, మెడపట్టీ కింద, చంకలు, తోక కింద. ఏరేశాక గోడ పగుళ్ళు కూడా చూడండి, మన ఇళ్ళల్లో దొరికే గోధుమరంగు కుక్క పిడుదు గోడెక్కి అక్కడే వేల గుడ్లు పెడుతుంది.

గుండ్రంగా వెంట్రుకలు ఊడితే తామరే అన్నది ఇంకో మాట. తామరా కావచ్చు, చర్మానికి పట్టిన బాక్టీరియా కావచ్చు, ఏడాది లోపు కుక్కపిల్లకి కళ్ళ చుట్టూ మూతి మీదా ఊడితే, పెద్ద దురద లేకపోతే, వెంట్రుక కుదుళ్ళలో ఉండే, కంటికి కనపడని డెమోడెక్స్ అనే పురుగు కావచ్చు. ఫొటోలో ఈ మూడూ అన్నదమ్ముల్లా ఉంటాయి. బ్లేడుతో చర్మాన్ని సన్నగా గీకి మైక్రోస్కోప్ కింద పెడితే తప్ప నేనైనా చెప్పలేను. స్టెరాయిడ్ క్రీమ్ రాస్తే తామరా డెమోడెక్సూ రెండూ ముదురుతాయి. ఇంట్లో ఎవరి చేతి మీదైనా ఎర్రటి వలయాలు వస్తే సిగ్గుపడకుండా అదీ ఫొటో తీసి పంపండి. జంతువుని తెచ్చేటప్పుడు స్నానం చేయించకండి, ఏమీ రాయకండి.

పిడుదులు ఏరేసిన రెండు మూడు వారాల్లో కుక్క తిండి మానేసి మూలన పడుకుంటే చర్మం ఫొటో నాకు వద్దు. పై పెదవి ఎత్తి చిగుళ్ళు చూడండి, గులాబీ రంగులో ఉన్నాయో లేదో. తర్వాత పొట్ట మీద బొచ్చు తక్కువున్న చోట ఎర్ర చుక్కలున్నాయేమో చూడండి. ఉంటే వాటి మీద గాజు గ్లాసు ఆనించి నొక్కి, గ్లాసులోంచే ఒక ఫొటో తీయండి. నొక్కితే పోయే ఎరుపు వాపు వల్ల వచ్చినది. నొక్కినా పోకపోతే చర్మం కింద రక్తం చిమ్మినట్టు, పిడుదుల వల్ల వచ్చే టిక్ ఫీవర్‌లో ప్లేట్‌లెట్లు పడిపోతే అలాగే అవుతుంది. ఆ ఫొటో పంపి నా రిప్లై కోసం చూస్తూ కూర్చోవద్దు. నేను టైప్ చేసేలోపు మీరు ఆటో ఎక్కి ఉండాలి.