షేడ్ కార్డులో తెలుపు వెనక ఉన్న రంగు

రంగుల కొట్టులో షేడ్ కార్డు తెరిచి ఎరుపో నీలమో ఎంచుకోవడం పెద్ద కష్టం కాదు. తికమకంతా ఆఫ్ వైట్ల పేజీలోనే. వరసగా గళ్లుంటాయి, అన్నీ ఒకేలా కనిపిస్తాయి. పేర్లు మాత్రం ముత్యమని, దంతమని, మీగడని, మల్లెపువ్వని ఒకదాన్ని మించి ఒకటి. ఆ పేర్లతో మనకి పని లేదు, అవి అమ్ముకోవడానికి పెట్టినవి. పనికొచ్చేది గడి కింద ఉన్న కోడ్ నంబరు.

ఆ నంబరు కొట్టులో రంగులు కలిపే మిషన్‌లో కొడితే ఏం జరుగుతుందో చూస్తే సగం విషయం తేలిపోతుంది. డబ్బాలో ముందే తెల్లటి బేస్ ఉంటుంది. దాన్ని తెల్లగా చేసేది టైటానియం డయాక్సైడ్ అనే పొడి. మిషన్ దాంట్లోకి టింటర్లు అనే చిక్కటి రంగుల్ని చాలా కొద్దిగా వదులుతుంది. ఆఫ్ వైట్లకి మామూలుగా పడేవి పసుపు ఆక్సైడ్, ఎర్ర ఆక్సైడ్, నలుపు. వీటిలో ఏది ఎంత పడిందన్నదే గోడ మీద పెయింటర్లు చెప్పే ‘పసుపు కొడుతోంది’, ‘పింక్ కొడుతోంది’ అనే తేడాకి కారణం. ఫార్ములా కొట్టువాళ్ల కంప్యూటర్ తెర మీద కనిపిస్తుంది. అడిగితే చాలామంది చూపిస్తారు. ఒక్క పసుపే ఉంటే మీగడ రంగు వస్తుంది. పసుపుకి ఎరుపు తోడైతే పీచు, పింక్ వైపు వెళుతుంది. జాగ్రత్తగా చూడాల్సింది పసుపూ నలుపూ కలిసినప్పుడు. ఈ రెండూ కలిస్తే బూడిద పసుపు రాదు, ఆకుపచ్చ వైపు తిరుగుతుంది. డబ్బాలో ఆకుపచ్చ చుక్క ఒక్కటి పడకపోయినా గోడ ఆకుపచ్చ కొట్టడం ఇలాగే.

కొన్ని కార్డుల్లో గడి వెనక ఎల్‌ఆర్‌వీ అని ఒక అంకె ఉంటుంది. గోడ మీద పడిన వెలుగులో నూటికి ఎంత తిరిగొస్తుందో అది చెబుతుంది. 82 ఉన్నది 74 ఉన్నదానికన్నా గదిని వెలుగుగా ఉంచుతుంది. అయితే అది వెలుగు లెక్కే, రంగు లెక్క కాదు. రెండు గళ్లకీ 80 ఉండి, ఒకటి పింక్, ఒకటి ఆకుపచ్చ కొట్టొచ్చు.

ఇక కంటితో చూడటం. కార్డు మీద గళ్ల మధ్య తెల్లటి సందు వదులుతారు. చూడటానికి బాగుంటుంది గానీ, తేడా పట్టుకోవడానికి అదే అడ్డం. రెండు రంగులు అంచుకి అంచు ఆనినప్పుడే మన కన్ను చిన్న తేడాని గీతలా పట్టుకుంటుంది. మధ్యలో సందుంటే ఆ గీత పోతుంది. అందుకని రెండు కార్డులడిగి ఒకటి మడిచి, గడి పక్కన గడి ఆనించి చూడాలి. మిగతా గళ్లు కనపడకుండా బూడిద రంగు అట్టలో కిటికీలా కోసి పైన పెడితే ఇంకా మంచిది. పక్కనున్న రంగు మన కంటిని లాగేస్తుంది. పారిస్‌లోని గోబెలాఁ నేతశాలలో రంగుల విభాగం చూసిన షెవ్రూల్ అనే రసాయన శాస్త్రవేత్త 19వ శతాబ్దంలో ఇదే గమనించాడు. నల్లదారం బాగాలేదని ఫిర్యాదొస్తే, లోపం అద్దకంలో లేదని, దాని పక్కన నేసిన రంగుల్లో ఉందని తేల్చాడు.

అలా ఆనించిన రెండింటినీ అదే కార్డులోని స్వచ్ఛమైన తెల్ల గడి పక్కన పెడితే దేని ఛాయ ఏమిటో బయటపడుతుంది. చాలామంది దీనికి జిరాక్స్ కాగితం వాడతారు. అది అంత నమ్మకమైన తెలుపు కాదు. ఆ కాగితంలో, బట్టల సబ్బుపొడిలో వేసేలాంటి మెరుపు రసాయనం ఉంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాల్ని అది పీల్చుకుని నీలి వెలుగుగా వదులుతుంది. దాని పక్కన ప్రతి ఆఫ్ వైటూ ఉన్నదానికన్నా పసుపెక్కినట్టే కనిపిస్తుంది. ఎల్ఈడీ బల్బు వెలుగులో ఆ కిరణాలు దాదాపు ఉండవు కాబట్టి అక్కడ అదే కాగితం వేరేలా ఉంటుంది.

అంబాజీపేట దగ్గర మా మేనత్త ఇంటి హాలుకి రంగు వేసేటప్పుడు ఇదంతా ఒకేచోట కనబడింది. నాలుగు షేడ్లు తీసుకున్నాం: మొదటిది పసుపు కొట్టేది, రెండోది కొద్దిగా పింక్, మూడోది పసుపూ నలుపూ కలిసినది, నాలుగోది ఉత్త బూడిద. కొట్లో ట్యూబ్‌లైట్ కింద మూడోదే నెమ్మదిగా, హుందాగా ఉందని అత్తకి నచ్చింది. ఇంట్లో నమూనా వేసి చూపిస్తే ముఖం చిట్లించింది.

‘‘ఇదేంట్రా, కొట్లో ఇలా లేదు. పాచి పట్టినట్టుంది.’’

‘‘ఆయ్, అదే కోడండి అమ్మగారూ, మార్చలేదండి,’’ అన్నాడు పెయింటర్.

అతని మాట నిజమే, కోడ్ మారలేదు. మారింది వెలుగు. ఆ హాలు కిటికీలు కొబ్బరితోటలోకి తెరుచుకుంటాయి. కోనసీమలో చాలా ఇళ్లది ఇదే కథ. ఆకు ఎరుపునీ నీలాన్నీ ఎక్కువగా మింగి ఆకుపచ్చని వదులుతుంది. అలా తోటలోంచి వడకట్టి వచ్చిన వెలుగు ఆకుపచ్చ కొట్టే గోడ మీద పడితే ఆ ఛాయ ఇంకా ముదురుతుంది. అదే వెలుగులో పింక్ కొట్టే రెండోది మామూలు తెలుపులా నిలిచింది, రెండు ఛాయలూ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి కాబట్టి. పసుపుది నిమ్మకాయ వైపు జరిగింది. బూడిదది కూడా ఆ వెలుగుకి లొంగిపోయింది.

నమూనాని పాత గోడ మీద నేరుగా వేయకుండా రెండడుగుల అట్ట మీద రెండు కోట్లు వేసి, ఒక రోజు ఆరనిచ్చి, గోడగోడకీ తిప్పాం. పాత గోడ లేత ఆకుపచ్చ. దాని మధ్యలో ఏ తెలుపు వేసినా ఎదురు ఛాయలో, అంటే పింక్‌గా కనిపించి మోసం చేస్తుంది. అందుకే అట్ట చుట్టూ తెల్ల అంచు వదిలి, ఆ అంచు లోపలే చూశాం. కిటికీ ఎదురు గోడకి రెండోది బాగుంది. నేల ఎర్ర ఆక్సైడ్ గచ్చు కావడంతో గోడ అడుగున మాత్రం మోకాలి ఎత్తు వరకు పింక్ ఎక్కువైంది. ఆ మేర ఎలాగూ సోఫాలు, బీరువా అడ్డం వస్తాయి. రాత్రి తెల్లటి ట్యూబ్ కింద కూడా సరిపోయింది. పసుపు వెలుగు బల్బు వేస్తే పింక్ పైకి తేలింది, హాల్లో ఆ బల్బు పెట్టకూడదనుకున్నారు.

చూసేటప్పుడు గదిలోకి వచ్చిన మొదటి నిమిషంలోనే చూడాలి. కాసేపు కూర్చుంటే కన్ను ఆ గది వెలుగునే తెలుపుగా లెక్కేసుకుంటుంది. ఫోన్ కెమెరా అయితే ఆ పని క్షణంలో చేసేస్తుంది, ఛాయని తీసేసి తెలుపు చేసి చూపిస్తుంది. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో చూసి ఆఫ్ వైట్ ఖాయం చేయడం అందుకే దండగ.

అట్ట మీద నచ్చింది నాలుగు గోడలకీ వేశాక కాస్త ముదురుగా అనిపిస్తుంది. దీనికో లెక్కుంది. ఒక మీగడ రంగు ఎర్ర వెలుగులో 86 శాతం, నీలి వెలుగులో 72 శాతం తిప్పికొడుతుందనుకుందాం. అట్ట మీద వెలుగు ఒకసారి పడి కంటికి వస్తుంది. గదిలో గోడ నుంచి గోడకి తగిలి వస్తుంది. రెండోసారి తగిలేసరికి ఎరుపు 74కి, నీలం 52కి దిగుతాయి. మొదట 14 ఉన్న తేడా 22 అయింది. చిన్న గదుల్లో, కిటికీ తక్కువున్న చోట ఇలా తగిలొచ్చే వెలుగు వాటా ఎక్కువ. అలాంటి గదికి కార్డులో అదే వరసలో ఒక మెట్టు లేతది తీసుకోవడం నయం.

చివరగా డబ్బాల సంగతి. ఒకే కోడ్‌తో కలిపినా రెండు డబ్బాల మధ్య వెంట్రుకవాసి తేడా ఉండొచ్చు. ముదురు రంగులో అది దాక్కుంటుంది గానీ, ఆఫ్ వైట్‌లో గోడ మధ్య గీతలా కనిపిస్తుంది. హాలుకి పట్టే డబ్బాలన్నీ పెద్ద డ్రమ్ములో కలిపేసి మొదలుపెట్టించండి. డ్రమ్ము దొరక్కపోతే డబ్బా మారేది గోడ మధ్యలో కాకుండా మూల దగ్గరకి వచ్చేలా చూసుకోండి. లీటరు మిగిల్చి, మూత మీద కోడ్‌తో పాటు బేస్, ఫినిష్ కూడా రాసి పెట్టుకోండి. అదే కోడ్‌ని మ్యాట్‌కి బదులు మెరుపు ఫినిష్‌లో కలిపిస్తే, మేకు పీకిన చోట వేసిన మరక పక్కనుంచి చూసేవాళ్లకి తెలిసిపోతుంది.