ఒకే పుటను ఇద్దరు దిద్దితే: పని పంపకంలో అపోహలు - వాస్తవాలు

పాత తెలుగు పుస్తకాలను స్కాన్ చేసి, బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టే ఓసీఆర్ ఇచ్చిన పాఠాన్ని పుట పుటా దిద్దే ఒక బృందానికి నేను సాఫ్ట్‌వేర్ చూసుకుంటాను. దిద్దేవారు పద్నాలుగు మంది. హైదరాబాదులో కొందరు, విజయవాడలో కొందరు, డల్లాస్ నుంచి రాత్రిపూట కూర్చునేవారు ఇద్దరు. ఒక్కో పుటకు సుమారు 25 నిమిషాలు పడుతుంది. ‘ప’ను ‘ష’గా చదివిన చోట, వత్తులు ఎగిరిపోయిన చోట అరగంట దాటుతుంది.

మా బృందంలో విశ్రాంత తెలుగు పండితులు ఒకరున్నారు. ఆయనను అందరం మాస్టారనే పిలుస్తాం. ఒకరోజు ఆయన 212వ పుట పూర్తి చేశానని ఫోనులో చెప్పగానే అవతలి నుంచి విజయవాడ అమ్మాయి, “అయ్యో మాస్టారూ, అది నేను పొద్దుననే దిద్దేశానండీ” అంది. అంతకుముందూ ఆ తర్వాతా నేను విన్న సలహాలే ఈ అపోహలు. వీటిలో రెండింటిని ఒకప్పుడు నేనూ నమ్మాను.

అపోహ: ఎవరు తీసుకున్నారో తెరమీద కనిపిస్తే చాలు, రెండోవారు ముట్టుకోరు.

మేము మొదలుపెట్టింది గూగుల్ షీటుతో. పుట సంఖ్య పక్కన ‘తీసుకున్నవారు’ అనే గడి ఉండేది. ఖాళీగా ఉంటే పేరు రాసుకుని పని మొదలుపెట్టాలి. ఇద్దరు ఒకే క్షణంలో ఖాళీ గడిని చూసి ఇద్దరూ పేరు రాస్తే, చివర రాసిన పేరు నిలుస్తుంది. మొదట రాసినవారు అప్పటికే షీటు వదిలి పుటలోకి వెళ్లిపోయి ఉంటారు. తన పేరు చెరిగిపోయిందని వారికి చెప్పేవారు లేరు.

షీటు వదిలేసి సొంత సాధనం కట్టుకున్నాక నేను చేసిన తప్పు కూడా అచ్చం ఇదే. ముందు ‘ఈ పుట ఖాళీగా ఉందా’ అని డేటాబేసును అడిగి, ఉంటే పేరు రాయించాను. అడగడానికీ రాయడానికీ మధ్య పట్టుమని సెకను కూడా ఉండదు. అయితే ఉదయం తొమ్మిదికి అందరూ ఒకేసారి జాబితా తెరిచి, అందరూ పైనున్న పుటనే నొక్కుతుంటే ఆ కాస్త సందు చాలు.

వాస్తవం: చూడటం, రాయడం ఒకే వాక్యంలో జరగాలి. మేము వాడే పోస్ట్‌గ్రెస్ డేటాబేసులో అది ఇలా ఉంటుంది:

```
UPDATE pages
SET owner = 'user_14',
    claim_no = claim_no + 1,
    expires_at = now() + interval '20 minutes'
WHERE id = 212 AND status = 'open'
  AND (owner IS NULL OR expires_at < now())
RETURNING claim_no;
```

ఇద్దరు ఒకేసారి దీన్ని పంపినా, డేటాబేసు ఒకరి మార్పు పూర్తయ్యేదాకా రెండోవారిని ఆపుతుంది. ఆ తర్వాత రెండోవారి షరతును మారిన వరుస మీద మళ్లీ పరీక్షిస్తుంది. పుట అప్పటికే ఒకరిది కాబట్టి షరతు నిలవదు, రెండోవారికి సున్నా వరుసలు తిరిగి వస్తాయి. ఒక వరుస వస్తే పుట మీది, సున్నా వస్తే వేరొకరిది. తెరమీద కనిపించే పేరు మర్యాద కోసమే, తీర్పు మాత్రం ఈ అంకెది. ఇందులో claim_no, expires_at ఎందుకున్నాయో కాసేపట్లో చెబుతాను.

అపోహ: పుట తెరవగానే లాక్ పడిపోవాలి.

వినడానికి భద్రంగా ఉంటుంది. రెండు వారాలు అలాగే నడిపాం. మాస్టారుకు ఒక అలవాటుంది. పని మొదలుపెట్టే ముందు ఎనిమిది, పది పుటలు తెరిచి, అక్షరాలు ఏపాటి అరిగిపోయాయో చూసుకుంటారు. పుస్తకం చేతిలోకి తీసుకుని తిరగేసే మనిషి మరి. ఆయన అలా తిరగేసిన ప్రతిసారీ పది పుటలకు తాళం పడేది, డల్లాస్ వాళ్లకు ఆ రాత్రి పని దొరికేది కాదు.

వాస్తవం: చూడటం వేరు, తీసుకోవడం వేరు. ఇప్పుడు పుట ఎవరైనా తెరిచి చదవవచ్చు. మొదటి అక్షరం మార్చగానే పై వాక్యం నడుస్తుంది. సున్నా వస్తే ఆ పెట్టె వెంటనే చదవడానికి మాత్రమే మిగిలి, ఎవరి దగ్గరుందో పేరు చూపిస్తుంది. దిద్దే మనిషి నష్టపోయేది ఒక్క అక్షరమే. ఒకరు ఒకేసారి రెండు పుటలకు మించి పట్టుకోకూడదన్న నియమం కూడా అప్పుడే పెట్టాం. తేలికైన పుటలన్నీ ముందే తన పేరున రాయించుకునే తెలివి అందరికీ ఉంటుంది, నాతో సహా.

అపోహ: డేటాబేసులోనే లాక్ ఉంది కదా, దాన్నే పట్టుకుని కూర్చుంటే పోలా?

ఇది కొత్తగా చేరిన ప్రోగ్రామర్లు అడిగే ప్రశ్న. `SELECT ... FOR UPDATE` అంటే వరుస మీద నిజంగానే లాక్ పడుతుంది. కాకపోతే ఆ లావాదేవీ, అంటే డేటాబేసు ఒకే మూటగా చేసే పని, ముగిసేదాకానే అది నిలుస్తుంది. మనిషి 25 నిమిషాలు దిద్దుతుంటే అన్ని నిమిషాలూ లావాదేవీ తెరిచి ఉంచాలి, ఒక కనెక్షన్ ఆ పుటకే అంకితం కావాలి. పద్నాలుగు మందికి పద్నాలుగు కనెక్షన్లు ఊరికే నిలబడతాయి. అంతసేపు తెరిచి ఉన్న లావాదేవీ వల్ల పోస్ట్‌గ్రెస్ పాత వరుసల చెత్తను కూడా ఊడ్చలేదు. మధ్యలో సర్వర్ ఒకసారి మళ్లీ మొదలైతే లాకులన్నీ మాయమవుతాయి, దిద్దేవారికి ఆ సంగతి తెలియదు.

వాస్తవం: డేటాబేసు లాక్ సెకను లోపు ముగిసే పనికి సరిపోతుంది. మా ‘తర్వాతి పుట ఇవ్వు’ బొత్తాం దాన్నే వాడుకుంటుంది. `FOR UPDATE SKIP LOCKED` అంటే వేరొకరు పట్టుకున్న వరుస దగ్గర ఆగకుండా దాటేసి, తర్వాతిది ఇస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో ఇది 2016లో వచ్చిన 9.5 నుంచి ఉంది. పుట చేతికివ్వడం, పేరు రాయడం ఒకే లావాదేవీలో ముగిసిపోతాయి. జాబితా చూపించి ఎంచుకోమనడం మానేసి ఈ బొత్తాం పెట్టాక, ఉదయం తొమ్మిది గంటల తొక్కిసలాట దాదాపు ఆగిపోయింది. మనిషి పనిచేసే నిమిషాలకు మాత్రం లాక్ అనేది పట్టికలో రాసిపెట్టిన పేరు, గడువు రూపంలోనే ఉండాలి.

అపోహ: గడువు అంటే పని పూర్తి కావడానికి పట్టే సమయం.

పుటకు 25 నిమిషాలు కదా అని ఒకరు అరగంట పెట్టమన్నారు. జాగ్రత్త కోసం నేను రెండు గంటలు పెట్టాను. ఎవరైనా మధ్యలో వదిలేసి వెళితే ఆ పుట రెండు గంటలు ఎవరికీ పనికిరాకుండా పడి ఉండేది. విసుగొచ్చి అయిదు నిమిషాలకు తగ్గించాను. ఒక పదం కోసం నిఘంటువు తిరగేసి వచ్చేసరికి పుట చేజారిపోతోందని మాస్టారు ఫోను చేశారు. ఆయన కోపం న్యాయమైనదే.

వాస్తవం: పని సాగుతున్నంతసేపూ గడువును పొడిగిస్తూ పోవచ్చు. అందువల్ల మనం నిర్ణయించాల్సింది పని నిడివిని కాదు, ఎంతసేపటి మౌనాన్ని మామూలుగా భావించాలన్నదే. ఫోను మాట్లాడటం, నిఘంటువు చూడటం, టీ తాగిరావడం వంటివన్నీ మాకు 20 నిమిషాల్లో ఇమిడాయి. మీకు వేరే అంకె రావచ్చు. మీ వాళ్ల రెండు మార్పుల మధ్య విరామాలను ఒక వారం నమోదు చేసి చూస్తే ఆ అంకె దానంతటదే బయటపడుతుంది.

పొడిగింపును దేనికి ముడిపెట్టామన్నది కూడా ముఖ్యమే. ట్యాబ్ తెరిచి ఉంటే చాలని పొడిగిస్తే, మరిచిపోయిన ట్యాబ్ రాత్రంతా పుటను పట్టుకుని ఉంటుంది. టైపు చేయడం, పుటను జరపడం వంటి కదలికలు ఉంటేనే, నిమిషానికి ఒకసారి పొడిగించండి. పది సెకన్లకోసారి పొడిగించి, అరనిమిషం గడువు పెట్టే పథకాలు బ్రౌజర్ దగ్గర దెబ్బతింటాయి. వెనక్కి వెళ్లిన ట్యాబులో టైమర్లను క్రోమ్ నిమిషానికి ఒకసారికి కుదించగలదు. ల్యాప్‌టాప్ మూత వేస్తే అసలే నడవవు. సమయం లెక్క కూడా డేటాబేసు గడియారంతోనే జరగాలి. ఇంటి కంప్యూటర్ గడియారం ఏడు నిమిషాలు ముందుండటం నేను కళ్లారా చూశాను.

అపోహ: లాక్, గడువు రెండూ ఉన్నాయి కాబట్టి ఇక ఇద్దరి పని ఒకదానిపై ఒకటి పడదు.

నేను ఎక్కువకాలం నమ్మింది దీన్నే. 212వ పుట కథ జరిగింది కూడా ఇవన్నీ ఉన్న తర్వాతే.

మాస్టారు 10:05కు పుట తీసుకున్నారు. 10:20కి కరెంటు పోయింది, ఆయన మూత వేసి భోజనాల పనిలో పడ్డారు. 10:40కి గడువు ముగిసింది. 10:45కు విజయవాడ అమ్మాయికి ఆ పుట వెళ్లింది, నియమం ప్రకారమే. ఆమె 11:20కి పూర్తి చేసి సేవ్ చేసింది. 11:05కే మూత తెరిచిన మాస్టారు తెరమీద తన పాఠం చెక్కుచెదరకుండా కనిపించడంతో మిగతా సగం దిద్ది, 11:25కు సేవ్ నొక్కారు. ఆమె పాఠం మీద ఆయన పాఠం పడిపోయింది. ఆ రోజు ఆమె మాటల్లో పడబట్టి తెలిసింది గానీ, లేకపోతే రెండో ప్రూఫు దాకా ఎవరికీ తెలిసేది కాదు.

వాస్తవం: గడువు ముగిసిందన్న సంగతి పట్టికకు తెలుస్తుంది, నిద్రపోయిన ల్యాప్‌టాప్‌కు తెలియదు. కాబట్టి అసలు కాపలా సేవ్ దగ్గర ఉండాలి. పుట చేతులు మారిన ప్రతిసారీ claim_no ఒకటి పెరుగుతుంది. మాస్టారుకు 7 వచ్చింది, అమ్మాయికి 8 వచ్చింది. సేవ్ చేసేటప్పుడు ఎవరి అంకె వారు చూపాలి:

```
UPDATE pages
SET body = $1, status = 'done', owner = NULL
WHERE id = 212 AND claim_no = 7;
```

పట్టికలో అప్పటికి 8 ఉంది కాబట్టి మాస్టారు సేవ్‌కు సున్నా వరుసలు వస్తాయి. ఇందులో నాకు నచ్చిన సంగతి మరొకటి ఉంది. గడువు దాటినా మధ్యలో ఎవరూ తీసుకోకపోతే అంకె 7గానే ఉంటుంది, ఆలస్యంగా వచ్చిన సేవ్ నిక్షేపంగా చెల్లుతుంది. టీ ఎక్కువసేపు తాగినందుకు శిక్ష ఉండదు.

సున్నా వచ్చినప్పుడు ‘సేవ్ కాలేదు’ అని ఎర్రక్షరాలు చూపి ఊరుకుంటే ఆ మనిషి మళ్లీ మన మొహం చూడడు. ఆ పాఠాన్ని వేరే పట్టికలో చిత్తుప్రతిగా దాచండి. మా దగ్గర చివరి అంకె ఉన్నవారికి రెండు పాఠాలూ పక్కపక్కన, తేడాలకు రంగు వేసి కనిపిస్తాయి, ఏది ఉంచాలో వారే నిర్ణయిస్తారు. 212లో తేడాలు పదకొండే వచ్చాయి. వాటిలో తొమ్మిదింట మాస్టారుదే సరైనదని ఆ అమ్మాయే ఒప్పుకుంది.

ఆ తొమ్మిదే మాకు ఇంకో దారి చూపించాయి. బాగా అరిగిన పుటలను ఇప్పుడు కావాలనే ఇద్దరికి, ఒకరికి తెలియకుండా ఒకరికి ఇస్తున్నాం. అలాంటి పుటకు పట్టికలో ఒక వరుస బదులు రెండు వరుసలు ఉంటాయి. రెండూ ఒకే మనిషికి వెళ్లకూడదన్న షరతు మాత్రం అదనం. మొదటి రోజు ఆ షరతు రాయడం మరిచిపోయాను. డల్లాస్ ఆయన ఒకే పుటను రెండుసార్లు దిద్ది, రెండూ ఒకేలా ఉన్నాయని సంబరంగా ఫోను చేశారు.