స్టడీ 329: కొలమానం మారిన చోటు

పారాక్సిటిన్ అనే డిప్రెషన్ మందు కౌమారుల్లో పనిచేస్తుందని 2001లో చెప్పిన స్టడీ 329 ట్రయల్ పత్రాన్ని జర్నల్ వెనక్కి తీసుకోవాలన్న డిమాండ్ ఇరవై ఏళ్లుగా చల్లారుతూ, మళ్లీ రాజుకుంటూ వస్తోంది. రాజుకున్న ప్రతిసారీ చర్చ డబ్బు చుట్టూ తిరుగుతుంది. కంపెనీ ఎంత లాభపడింది, పత్రం మొదటి ముసాయిదా రాసిన ఏజెన్సీకి ఎవరు చెల్లించారు, 22 మంది రచయితల్లో అసలు డేటా చూసింది ఎందరు అని అడుగుతారు. అవన్నీ అడగాల్సినవే. కానీ ఆ పత్రం వాదన కూలిపోవడానికి అసలు కారణం వాటిలో లేదు. డబ్బు సంగతి పూర్తిగా పక్కన పెట్టినా ఆ వాదన నిలబడదు. ఎందుకో తెలియాలంటే ట్రయల్ ముగిసిన తర్వాత కొలమానాలకు ఏం జరిగిందో చూడాలి.

డిప్రెషన్ మందుల కథ, పారాక్సిటిన్ పెద్దవాళ్లలో ఎంత అమ్ముడైందన్న కథ చాలామందికి తెలిసినవే. స్మిత్‌క్లైన్ బీచమ్ కంపెనీ, అంటే తర్వాతి గ్లాక్సోస్మిత్‌క్లైన్, 12 నుంచి 18 ఏళ్ల పిల్లల మీద ఈ మందును పరీక్షించింది. అమెరికా, కెనడాల్లో 1994లో మొదలైన ఈ ట్రయల్‌లో 275 మంది చేరారు. 93 మందికి పారాక్సిటిన్, 95 మందికి పాత మందు ఇమిప్రమిన్, 87 మందికి మందు లేని ఉత్త మాత్ర, అంటే ప్లాసిబో ఇచ్చారు. ఎనిమిది వారాలు చూశారు.

మొదటి పిల్లాడికి మాత్ర ఇవ్వకముందే, గెలుపోటములు ఎలా తేల్చాలో ప్రోటోకాల్‌లో రాసుకున్నారు. ప్రధాన కొలమానాలు రెండు. ఒకటి, డిప్రెషన్ తీవ్రతను కొలిచే హామిల్టన్ స్కేల్‌లో మొత్తం స్కోరు ఎంత తగ్గిందన్నది. రెండోది, ఎంతమంది 'స్పందించారు' అన్నది. స్కోరు 8కి గాని అంతకన్నా కిందికి గాని వచ్చినా, మొదటి స్కోరులో కనీసం సగం తగ్గినా ఆ పిల్లాడు స్పందించినట్టు లెక్క. వీటికి తోడు ఆరు అనుబంధ కొలమానాలు పెట్టుకున్నారు.

రహస్యం విప్పి ఎవరికి ఏ మందు ఇచ్చారో చూసుకున్నాక, ఈ ఎనిమిదింటిలో ఒక్కదానిలో కూడా పారాక్సిటిన్ ప్లాసిబోకన్నా మెరుగని గణాంకపరంగా తేలలేదు. ఇక్కడే ఆపి, 'ఈ మందు పిల్లల్లో పనిచేస్తుందని మా ట్రయల్ చూపలేకపోయింది' అని రాసి ఉంటే అది మంచి పత్రమే అయ్యేది. 1998 నాటి కంపెనీ అంతర్గత పత్రం ఒకటి తర్వాత బయటికొచ్చింది. మందు పనితనం రుజువు కాలేదని రాయడం వ్యాపారపరంగా ఆమోదయోగ్యం కాదని అందులో ఉంది.

2001 జులైలో అమెరికన్ చైల్డ్ అండ్ అడోలసెంట్ సైకియాట్రీ అకాడమీ జర్నల్‌లో పత్రం అచ్చయింది. మొదటి రచయిత బ్రౌన్ యూనివర్సిటీకి చెందిన మార్టిన్ కెల్లర్. కౌమారుల డిప్రెషన్‌కు పారాక్సిటిన్ బాగా పనిచేస్తుందని, దాన్ని పిల్లలు సాధారణంగా బాగానే తట్టుకుంటారని ముగింపు. ఈ మాటకు ఆధారం ప్రోటోకాల్‌లో లేని నాలుగు కొలమానాలు. వాటిలో పేరుమోసింది 'రెమిషన్', అంటే హామిల్టన్ స్కోరు 8కి గాని అంతకన్నా కిందికి గాని రావడం.

రెమిషన్ ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. ప్రోటోకాల్‌లోని స్పందనకు రెండు దారులున్నాయి: 8కి దిగడం, లేదా సగానికి తగ్గడం. అందులో రెండో దారి తీసేస్తే మిగిలేదే ఈ రెమిషన్. పత్రంలో ఇచ్చిన శాతాలను తిరిగి తలల్లోకి మారిస్తే ఈ మార్పు ఏం చేసిందో కనిపిస్తుంది. ప్రోటోకాల్ నిర్వచనం ప్రకారం పారాక్సిటిన్ వైపు లెక్కలోకి తీసుకున్న 90 మందిలో 60 మంది స్పందించారు, ప్లాసిబో వైపు 87 మందిలో 48 మంది. శాతాల్లో 66.7, 55.2. పి-విలువ 0.11. అంటే మందుకు, ప్లాసిబోకు నిజంగా తేడా ఏమీ లేకపోయినా ఇంత తేడా గాని, ఇంతకన్నా ఎక్కువ గాని వందకు పదకొండు సార్లు కనబడొచ్చు. గెలిచినట్టు అనాలంటే పి-విలువ 0.05 హద్దుకన్నా కిందికి రావాలి. రాలేదు.

ఇప్పుడు 'సగానికి తగ్గడం' తీసేయండి. పారాక్సిటిన్ వైపు 60 నుంచి ముగ్గురే పోయి 57 మంది మిగులుతారు. ప్లాసిబో వైపు 48 నుంచి ఎనిమిది మంది పోయి 40 మంది మిగులుతారు. శాతాలు 63.3, 46. పి-విలువ 0.02కి దిగిపోతుంది. పిల్లలు మారలేదు, మాత్రలు మారలేదు. నిర్వచనం మారినప్పుడు ఒకవైపు కన్నా రెండోవైపు ఐదుగురు ఎక్కువ పోయారు, అంతే. ఓడిన ట్రయల్ గెలిచినట్టు కనబడటానికి ఆ ఐదుగురు సరిపోయారు.

రెమిషన్ అర్థంలేని కొలమానమని నేను అనను. డాక్టరుకు, తల్లిదండ్రులకు అది కావాల్సిన సంగతే. 1994లోనే దాన్ని ప్రధాన కొలమానంగా రాసుకుని ఉంటే ఈ 0.02కి విలువ ఉండేది. అప్పుడు మాత్రం 66.7, 55.2 గురించి మాట్లాడే హక్కు ఉండేది కాదు. ఏదో ఒకటి ముందే ఎంచుకోవాలి.

ఎందుకంటే 0.05 హద్దుకు అర్థం ఉండేది ఒక్క ప్రశ్న ఒక్కసారి అడిగినప్పుడే. పరిశోధకుడు జోన్ జురెయ్‌డిని, ఆయన సహచరులు కోర్టు కేసుల్లో బయటపడ్డ పత్రాలు తిరగేసి 2008లో లెక్క తేల్చారు. ప్రోటోకాల్‌లోని ఎనిమిదికి అదనంగా కనీసం 19 కొలమానాలను పరీక్షించారు. మొత్తం 27లో అనుకూలంగా వచ్చినవి నాలుగే, అవీ ఆ 19లోంచే. బొత్తిగా పనిచేయని మందును ఒకదానితో ఒకటి సంబంధం లేని 27 కొలమానాలతో పరీక్షిస్తే, కనీసం ఒక్కదానిలోనైనా పి-విలువ 0.05కన్నా కిందికి వచ్చే అవకాశం దాదాపు 75 శాతం. ఈ 27 ఒకదానితో ఒకటి ముడిపడినవే కాబట్టి ఆ శాతం ఇక్కడ యథాతథంగా వర్తించదు. కానీ అదే ముడి ఇంకో వైపు నుంచి దెబ్బతీస్తుంది. నాలుగు గెలుపులు నాలుగు వేర్వేరు సాక్ష్యాలు కావు. అవే పిల్లల అదే మానసిక స్థితిని నాలుగు కోణాల్లో చూసినవి. పైగా ఆ నాలుగు కొలమానాలూ స్కోరును ఒక హద్దు పెట్టి అవును-కాదుగా మార్చినవి, లేదా పెద్ద స్కేల్‌లోంచి ఒక్క ప్రశ్నను మాత్రమే విడదీసినవి.

దీన్నే పి-హ్యాకింగ్ అంటున్నారు. డేటా చూశాక ప్రశ్న మార్చి, ఆ ప్రశ్నే మొదటి నుంచీ ఉన్నట్టు రాయడం దాని తర్వాతి మెట్టు. స్టడీ 329లో రెండూ కలిశాయి. పత్రంలో డిప్రెషన్ కొలమానాల పట్టిక ఒకటి ఉంది. వాటిని ముందుగానే నిర్ణయించామని అందులో రాశారు. ప్రధానం ఏది, అనుబంధం ఏది అన్న గీత ఆ పట్టికలో చెరిగిపోయింది. చదివే డాక్టరుకు ఓడినవి, గెలిచిన నాలుగు ఒకే వరుసలో కనిపిస్తే, ఇది మిశ్రమ ఫలితం, మొత్తం మీద మందు వైపే మొగ్గు అనిపిస్తుంది. వదిలేసిన మిగతా 15 సంగతి ఆయనకు తెలిసే దారి లేదు. దాచింది అబద్ధపు అంకె కాదు, హారం. ఎన్ని ప్రయత్నాల్లోంచి ఈ నాలుగు వచ్చాయో తెలియకపోతే 0.02 అనే అంకెకు అర్థమే లేదు.

రచయితల వాదన ఇది: ఈ కొలమానాలను రహస్యం విప్పకముందే విశ్లేషణ ప్రణాళికలో చేర్చాం, పిల్లల డిప్రెషన్‌ను ఎలా కొలవాలో ఆ రోజుల్లో ఎవరికీ స్పష్టత లేదు, దురుద్దేశం ఆపాదించడం అన్యాయం. స్పష్టత లేదన్నది నిజమే. కానీ ఆ నాలుగు కొలమానాలు ప్రోటోకాల్‌లోనూ లేవు, దాని సవరణల్లోనూ లేవు.

2015లో ఇదే డేటాను మొదటి ప్రోటోకాల్ ప్రకారం మళ్లీ విశ్లేషించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చేశారు. జొవానా లే నూరీ మొదటి రచయిత. జురెయ్‌డిని, డేవిడ్ హీలీ కూడా ఆ బృందంలో ఉన్నారు. హామిల్టన్ స్కోరు పారాక్సిటిన్‌తో సగటున 10.7 తగ్గింది, ఇమిప్రమిన్‌తో 9.0, ప్లాసిబోతో 9.1. పి-విలువ 0.20. ఉత్త మాత్రకు, మందుకు మధ్య తేడా 1.6 పాయింట్లు. ఆ తర్వాత కూడా జర్నల్ 2001 పత్రాన్ని వెనక్కి తీసుకోలేదు.

కొలమానాల ఎంపిక మందు పనితనం దగ్గరే ఆగి ఉంటే నష్టం కొంత తక్కువగా ఉండేది. దుష్ప్రభావాల్లోనూ అదే జరిగింది. 2001 పత్రం ప్రకారం పారాక్సిటిన్ తీసుకున్న 11 మందిలో తీవ్ర దుష్ప్రభావాలు కనిపించాయి, ప్లాసిబోలో ఇద్దరిలో. ఆ 11లో ఒక్క తలనొప్పి కేసును మాత్రమే మందు వల్ల వచ్చిందిగా లెక్కించారు. ఐదుగురిని 'భావోద్వేగ అస్థిరత' అనే పేరు కింద పెట్టారు. ఆ పేరు వెనక ఉన్నవి ఆత్మహత్య ఆలోచనలు, ప్రయత్నాలు. పునర్విశ్లేషణ బృందం పిల్లల విడివిడి రికార్డుల్లో దాదాపు మూడో వంతు తెరిచి చూసి, ఆత్మహత్యకు, స్వీయహానికి సంబంధించిన ఘటనలు పారాక్సిటిన్‌లో 11 మందికి, ప్లాసిబోలో ఒకరికి ఉన్నాయని రాసింది. బ్రిటన్ నియంత్రణ సంస్థ 2003 జూన్‌లోనే 18 ఏళ్ల లోపువారి డిప్రెషన్‌కు ఈ మందు ఇవ్వొద్దని చెప్పింది.

2004లో న్యూయార్క్ అటార్నీ జనరల్ ఎలియట్ స్పిట్జర్ కంపెనీ మీద దావా వేశారు. 25 లక్షల డాలర్లతో, ట్రయల్ ఫలితాలను ఆన్‌లైన్‌లో పెడతామన్న ఒప్పందంతో అది ముగిసింది. 2012లో పలు మందులకు సంబంధించి అమెరికా ప్రభుత్వంతో కుదిరిన 300 కోట్ల డాలర్ల రాజీలో ఈ పత్రం కూడా ప్రస్తావనకొచ్చింది. నా దృష్టిలో ఈ సొమ్ముకన్నా ఎక్కువ మార్పు తెచ్చింది వేరే నిర్ణయం. కొలమానాలతో సహా బహిరంగ రిజిస్ట్రీలో ముందుగా రిజిస్టర్ చేయని ట్రయల్స్‌ను అచ్చేయబోమని 2004లోనే ప్రధాన వైద్య జర్నళ్ల సంపాదకులు ప్రకటించారు. మన దేశంలో అలాంటి రిజిస్ట్రీ సీటీఆర్ఐ, అంటే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఇండియా. 2007లో మొదలైంది, 2009 నుంచి తప్పనిసరి అయింది, 2018 ఏప్రిల్ నుంచి ట్రయల్ మొదలయ్యాక రిజిస్టర్ చేసే వీలు తీసేసింది. మన మెడికల్ కాలేజీల పీజీ థీసిస్‌లు కూడా అందులో కనిపిస్తాయి.

కాబట్టి ఒక పత్రాన్ని నమ్మాలా వద్దా అని చూసేవారు దాని రిజిస్ట్రేషన్ నంబరుతో సీటీఆర్ఐ పేజీ తెరిచి మూడు చూడాలి. మొదటి రోగిని చేర్చుకున్న తేదీకన్నా రిజిస్టర్ చేసిన తేదీ ముందుందా? ప్రధాన కొలమానం ఏ స్కేల్, ఏ హద్దు, ఎన్నో వారం అని రాసుకున్నారా, లేక 'డిప్రెషన్‌లో మెరుగుదల' అని గాలికి వదిలేశారా? పత్రం సారాంశంలో మొదటి వాక్యంలో మెరిసే ఫలితం ఆ ప్రధాన కొలమానానిదేనా? రెండోది గాలికి వదిలేసి ఉంటే రిజిస్ట్రేషన్ ఉన్నా లాభం లేదు. రెమిషన్, స్పందన రెండూ 'మెరుగుదల'లోకే వస్తాయి. స్టడీ 329 మొదలైన 1994లో చదివేవారికి ఈ పోలిక చేసుకునే దారే లేదు. దాని కొలమానాలు మారాయని బయటి ప్రపంచానికి తెలిసింది కోర్టు కేసుల్లో పత్రాలు బయటికి రావడం వల్లే.